కనిపించలేదన్న పిల్లకు



నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి ఈ మార్గశిరంలో పెళ్లి. ఆమెకు నేనొక ఉత్తరం రాశాను. అది అందింది, చదువుకుంది. రేడియోలో చదవనా అని అడిగితే, "చదవండి మేడం, నా పేరు మాత్రం చెప్పొద్దు" అంది. అందుకని పేరు చెప్పను. ఉత్తరం చిన్నది, ఒక ఇన్‌లాండ్ లెటర్‌లో సరిపోయింది. అయితే ఆ కాసిని మాటల వెనక ఉన్న సంగతి తెలియకపోతే అందులో సగం మీకు అందదు. అందుకే ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత ఉత్తరం చదువుతాను.

పెళ్లి కుదిరిన ఆడపిల్లకు ఆ నెల రోజులూ బుద్ధులు చెప్పేవాళ్లకు కొదవుండదు. అత్తగారింట్లో ఎలా మసలుకోవాలో మేనత్త చెబుతుంది, ఎంత మాట్లాడాలో పిన్ని చెబుతుంది, ఎప్పుడు లేవాలో పక్కింటి ఆవిడ చెబుతుంది. చదువు చెప్పిన టీచరు కూడా అదే వరసలో నిలబడి ఇంకో నాలుగు మాటలు చేర్చడం నాకు ఇష్టం లేదు. టీచరు చేయగలిగింది వేరే ఉంది. అమ్మకూ నాన్నకూ కనబడని చోట, తరగతి గదిలో, ఆటస్థలంలో, హాస్టల్ వరండాలో ఆ పిల్లను మేం చూశాం. అక్కడ ఆ పిల్ల ఒకసారి చేసిన మంచి పని ఒకటి మాకు తెలిసి ఉంటుంది. పెళ్లినాడు దాన్ని గుర్తుచేయగలిగిన మనిషి టీచరే. నా ఉత్తరంలో ఉన్నది ఆ ఒక్క పనే.

నేను భౌతికశాస్త్రం చెప్పింది ఒక కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో. 2004లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పథకం కింద వచ్చిన బడులివి. మధ్యలో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు, ఆగిపోయేలా ఉన్న ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. ఈ అమ్మాయి తల్లిదండ్రులు పనుల కోసం ఊళ్లు తిరిగేవాళ్లు. వాళ్లతో పాటు తిరిగితే చదువు సాగదని ఆరో తరగతిలో మా దగ్గర చేర్చారు. పిల్లలు రాత్రిళ్లు కూడా బడిలోనే ఉంటారు గనుక, మామూలు బడుల్లో బొమ్మ చూపించి వదిలేసే ఒక పాఠాన్ని మేం ఆరుబయట చెప్పగలిగేవాళ్లం. ఎనిమిదో తరగతిలో నక్షత్రాలు, సౌరకుటుంబం గురించి చెప్పే పాఠం అది.

మార్చి నెల చివర, చంద్రుడు లేని రాత్రి, నైట్ స్టడీ అయ్యాక తొమ్మిదిన్నరకు పిల్లల్ని ఆటస్థలంలోకి తీసుకెళ్లాను. వార్డెనమ్మ కూడా వచ్చింది. ఆవరణలో లైట్లు ఆర్పించాం. ఆ వేళకు ఈశాన్య దిక్కున సప్తర్షి మండలం బాగా పైకి వచ్చి ఉంటుంది. నాలుగు చుక్కల చతురస్రం, దానికి మూడు చుక్కల తోక. ఆ మూడింటిలో నడిమిది వసిష్ఠుడు. వసిష్ఠుడి పక్కనే, ఆయన వెలుగులో అయిదో వంతు వెలుగుతో ఒక చిన్న చుక్క ఉంటుంది. అది అరుంధతి.

అరుంధతిని చూపించడానికి మన పెద్దలు ఒక పద్ధతి పెట్టుకున్నారు. దాన్ని స్థూలారుంధతీ న్యాయం అంటారు. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని ఉదాహరణగా తీసుకున్నారు. సన్నని చుక్కను ఒక్కసారిగా చూపించబోతే ఎవరికీ దొరకదు. అందుకని ముందు దగ్గరలో ఉన్న పెద్ద చుక్కను చూపించి "అదే అరుంధతి" అంటారు. చూపు అక్కడ నిలబడ్డాక "అది కాదు, దాని పక్కన ఉన్న చిన్నది" అంటారు. తెలిసినదాని మీద నిలబెట్టి తెలియనిదాని దగ్గరికి నడిపించడం ఇది. పాఠం చెప్పేవాళ్లందరూ తెలిసో తెలియకో రోజూ ఈ దారినే నడుస్తారు. నేనూ ఆ రాత్రి అలాగే చేశాను. చతురస్రం, తోక, నడిమి చుక్క, చివరికి అరుంధతి.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ఎన్నో ఏళ్లు పిల్లలకు చుక్కలు చూపించాక నాకు అర్థమైన చిక్కు. పెద్ద చుక్క దగ్గరే చూపు ఆగిపోయినవాళ్లు కూడా "కనిపించింది" అనేస్తారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. ఏదో ఒక చుక్క కనబడుతోంది, పక్కనున్న పిల్ల కనిపించిందని అంటోంది, టీచరు సంతోషిస్తోంది. ఇన్ని కలిసి వచ్చినప్పుడు నాకూ కనిపించిందని అనుకోవడం చాలా తేలిక. అందుకే నేను "కనిపించిందా?" అని అడిగి ఊరుకోను. "వసిష్ఠుడికి ఏ పక్కన ఉంది?" అని అడుగుతాను. మార్చి నెలాఖరులో ఆ వేళకు అరుంధతి వసిష్ఠుడికి సరిగ్గా కింద ఉంటుంది. చూసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. చూడనివాళ్లు కుడి అంటారు, ఎడమ అంటారు, పైన అంటారు.

ఆ రాత్రి ముందుగా అందరూ కనిపించింది అన్నారు. పెద్ద గోల. ఆ గోల కాస్త తగ్గాక వెనక వరసలో నుంచి ఈ అమ్మాయి చెయ్యెత్తింది.

"నాకు కనిపించలేదు మేడం."

పక్కనున్న పిల్లలు నవ్వారు. ఒకమ్మాయి ఈమె గడ్డం పట్టుకుని పైకి తిప్పి, "అదిగోవే, అక్కడ" అంది. ఈ అమ్మాయి మళ్లీ చూసింది. చాలాసేపు చూసింది. "ఒకటే ఉంది మేడం. అదీ పెద్దగా, మసకగా ఉంది. రెండు లేవు" అంది. గొంతు వణికింది గానీ మాట మారలేదు. అప్పుడు నేను మిగతావాళ్లను ఏ పక్కన ఉందని అడిగాను. సరిగ్గా చెప్పినవాళ్లు సగం మందే. తక్కిన సగం మందికీ దక్కని నిజం ఈ పిల్ల నోట వచ్చింది.

ఆమె అన్న మాటల్లో "పెద్దగా, మసకగా" అన్నవి నన్ను పట్టుకున్నాయి. చూపు సరిగా ఉన్న కంటికి నక్షత్రం సన్నని చుక్కే, పెద్దగా ఉండదు. మర్నాడు తరగతిలో ఆమెను గమనించాను. బోర్డు వైపు చూసినప్పుడల్లా కళ్లు చికిలిస్తోంది. నోట్సు బోర్డు మీద నుంచి కాకుండా పక్కపిల్ల పుస్తకంలో నుంచి ఎక్కిస్తోంది. చేతిలో పుస్తకం చదవడంలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు, చకచకా చదివేస్తుంది. దగ్గరవి స్పష్టం, దూరానివి మసక. హ్రస్వదృష్టి లక్షణాలు ఇవే. పిల్లలు దీన్ని ఫిర్యాదుగా చెప్పరు. పుట్టినప్పటి నుంచీ కాకపోయినా, చూపు మెల్లమెల్లగా తగ్గుతూ వస్తుంది గనుక లోకమంతా అందరికీ ఇలాగే మసకగా ఉంటుందని అనుకుంటారు.

బడిలో కంటి పరీక్షకు వాడే చార్టు ఉండేది. పై వరసలో ఒక పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్న అక్షరాలు. 1862లో స్నెల్లెన్ అనే డచ్చి కంటి వైద్యుడు రూపొందించిన పద్ధతి ఇది. వరండాలో టేపు పెట్టి ఆరు మీటర్లు కొలిచి గీత గీశాను. పగటి వెలుగులో, పిల్ల కళ్ల ఎత్తులో చార్టు కట్టాను. ఒక్కో కన్నూ విడిగా చూడాలి. రెండో కన్ను అరచేత్తో మూసుకోవాలి, వేళ్లతో మూసుకుంటే సందుల్లో నుంచి చూసేస్తారు. కన్ను నొక్కకూడదు, నొక్కితే తెరిచాక కాసేపు ఆ కంటికీ మసకే. ఇంకొక సంగతి కూడా ఉంది. వరసలో నిలబడ్డ పిల్లలు ముందువాళ్లు చదువుతుంటే విని అక్షరాలు కంఠస్థం చేసేస్తారు. చూపు తక్కువున్న పిల్లే అందరికంటే బాగా కంఠస్థం చేస్తుంది, ఎందుకంటే దాని అవసరం ఆ పిల్లకే ఎక్కువ. అందుకని ఒక్కొక్కరినే పిలవాలి.

ఈ అమ్మాయి నాలుగో వరస దగ్గర ఆగిపోయింది. అక్కడ కూడా తడుముకోలేదు. "ఇక్కడి నుంచి కనిపించడం లేదు మేడం" అని చెయ్యి దించేసింది. ఆ వరసకు కంటి డాక్టర్లు 6/18 అని రాస్తారు. మంచి చూపున్నవాళ్లు పద్ధెనిమిది మీటర్ల నుంచి చదవగలిగే అక్షరాన్ని ఈ పిల్ల ఆరు మీటర్ల దగ్గరికి వస్తే గానీ చదవలేదని దాని అర్థం. ప్రభుత్వాసుపత్రిలో ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ పరీక్షించి, రెండు కళ్లకూ మైనస్ ఒకటిన్నర అద్దాలు రాశారు.

ఇక్కడ కాస్త లెక్క చెబుతాను, చాలా సులువైన లెక్కే. అరుంధతికీ వసిష్ఠుడికీ మధ్య ఆకాశంలో ఉన్న ఎడం చందమామ వెడల్పులో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. మంచి కంటికి అది చాలినంత ఎడం. కానీ మైనస్ ఒకటిన్నర ఉన్న కంట్లో దూరపు చుక్క చుక్కగా నిలవదు, విస్తరిస్తుంది. చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది గనుక ఆ విస్తరణ ఇంకా పెరుగుతుంది. కంటిపాప అయిదు మిల్లీమీటర్లు తెరుచుకుందనుకుంటే, ఒక్కో నక్షత్రం చందమామ వెడల్పుకు కాస్త తక్కువగా ఉండే మరకలా కనబడుతుంది. అంత వెడల్పు మరకలు రెండు, మధ్యలో మూడో వంతు ఎడం. ఒకదానిలో ఒకటి కలిసిపోక ఏం చేస్తాయి? "ఒకటే ఉంది, పెద్దగా, మసకగా ఉంది" అని ఆ పిల్ల చెప్పింది అక్షరాలా తన కంట్లో జరిగినదే. ఆ వయసులో, అంతమంది మధ్యలో, తన కన్ను చెప్పినదాన్ని అలా ఉన్నదున్నట్టు చెప్పడం నేను అంతకు ముందు చూడలేదు.

వేసవి సెలవులకు ముందే కళ్లజోడు వచ్చింది. ఆ రాత్రి మళ్లీ ఆటస్థలంలోకి వెళ్లాం. ఈసారి నేను ఏమీ అడగలేదు. కాసేపు చూసి తనే చెప్పింది: "కింద ఉంది మేడం."

ఆ పిల్ల తర్వాత ఇంటర్ చదివింది, ఆప్టోమెట్రీ చదివింది. ఇప్పుడు ఒక కంటి ఆసుపత్రి తరఫున బడులకు వెళ్లి పిల్లల చూపు పరీక్షిస్తోంది. ఎక్కడికి వెళ్లినా మొదట పిల్లలందరినీ కూర్చోబెట్టి, "కనిపించకపోతే కనిపించలేదని చెప్పండి, ఎవరూ కోప్పడరు" అని చెబుతుందట. చార్టు వేలాడదీసేది ఆ తర్వాతేనట. ఫోన్లో ఈ సంగతి విన్నప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

ఇక పెళ్లి సంగతి. మన పెళ్లిళ్లలో అరుంధతీ దర్శనం ఉంది. సప్తపది, తలంబ్రాలు అయ్యాక పురోహితులు వధూవరులను బయటికి తీసుకొచ్చి ఆకాశం వైపు చెయ్యెత్తి చూపిస్తారు. ఈ అమ్మాయి ముహూర్తం పగలు పదకొండు గంటల ప్రాంతంలో. ఎండలో నక్షత్రం కనబడదు. అయినా ఇద్దరూ చూస్తారు, కనిపించిందా అని అడుగుతారు, కనిపించింది అంటారు. నేను ఆ ఆచారాన్ని తక్కువ చేయడం లేదు. అదొక ప్రమాణం, కొత్త దంపతులు కలిసి ఒకే వైపు చూసే మొదటి చూపు. పైగా మార్గశిరంలో ఆ వేళకు అరుంధతి నిజంగానే ఆకాశంలో ఉంటుంది. ఉత్తరాన, కాస్త పడమటి వైపుగా, నడినెత్తికి సగం ఎత్తు కంటే కొంచెం తక్కువలో. సూర్యుడి వెలుగు కప్పేస్తుంది, అంతే. పురోహితుల వేలు ఉత్తరానికి తిరిగి ఉంటే అది ఉత్త ఆకాశాన్ని చూపించడం లేదన్నమాట.

కానీ నా విద్యార్థిని ఆ ప్రశ్న దగ్గర ఏం చేస్తుందో నాకు తెలుసు. అందుకే ఆమెకు అరుంధతి నిజంగా కనబడే వేళ రాసి పంపాలనుకున్నాను. మార్గశిరంలో అరుంధతి సాయంత్రం ఆకాశంలో ఉండదు, అర్ధరాత్రి దాటాక ఉదయిస్తుంది. తెల్లవారుజామున అయిదు గంటలకు ఈశాన్య దిక్కున, నేలకూ నడినెత్తికీ మధ్య మూడో వంతు ఎత్తు దాటి ఉంటుంది. అప్పటికి ఇంకా చీకటే. అదే వైశాఖంలో పెళ్లయితే రాత్రి తొమ్మిదికల్లా ఉత్తరాన ఎత్తుగా కనబడేది. శ్రావణంలో అయితే పొద్దుగూకగానే వాయవ్యంలో చూడాలి, ఆలస్యమైతే అస్తమిస్తుంది. మీ ఇళ్లలో పెళ్లిళ్లున్నవాళ్లకు పనికొస్తుందని ఈ మాట చెబుతున్నాను.

ఇంకొక విషయం కూడా ఉత్తరంలో రాయక తప్పలేదు. కళ్లజోడున్న ఆడపిల్లలకు పెళ్లి మాట వచ్చినప్పటి నుంచీ ఒక పోరు ఉంటుంది. పెళ్లిచూపుల్లో తీసెయ్యమంటారు. ఫొటోలో తీసెయ్యమంటారు. పెళ్లిపీటల మీద తీసెయ్యమంటారు, అలంకరణ చేసేవాళ్లూ అదే అంటారు, ఫొటోగ్రాఫరూ అదే అంటాడు. కళ్లజోడు దాచి చేసిన పెళ్లిళ్లలో ఆ తర్వాత వచ్చిన మాటలు ఎలాంటివో నాకు తెలుసు. ఈ అమ్మాయి పెళ్లిచూపుల్లో కళ్లజోడుతోనే కూర్చుంది. అబ్బాయి అభ్యంతరం చెప్పలేదు. పెళ్లినాడు మాత్రం "ఒక్క రెండు గంటలే కదా" అని ఇంట్లో అంటున్నారని ఫోన్లో చెప్పింది. ఎదిగే వయసులో ఆమె చూపు ఇంకా తగ్గి, ఇప్పుడు మైనస్ మూడు ఉంది. అంటే అడుగు దూరం దాటితే మసక. పెళ్లికూతురికి అడుగు దూరంలో ఉండేవేమిటో ఒకసారి ఆలోచించండి. తన చేతిలోని కొబ్బరిబోండం, తన మెడలోని దండ, అంతే. అడ్డుతెర తీసినప్పుడు ఎదురుగా కనబడాల్సిన మనిషి కూడా ఆ అడుగుకు అవతలే ఉంటాడు.

చిత్తుప్రతి పెద్దగా వచ్చింది. దూరదర్శినిలో చూస్తే వసిష్ఠుడు ఒక్కడు కాడనీ, 1617లోనే గెలీలియో శిష్యుడు కాస్తెల్లి ఆ సంగతి కనిపెట్టాడనీ, 2009లో అరుంధతి పక్కన కూడా ఒక మసక చుక్క దొరికిందనీ, ఇప్పటికి అక్కడ ఉన్న నక్షత్రాలు మొత్తం ఆరనీ రాశాను. రాశాక చదువుకుంటే అది పాఠంలా ఉంది. పెళ్లి పనుల్లో ఉన్న పిల్లకు పాఠమెందుకు? కొట్టేశాను. జీవితం గురించి రాసిన పేరా కూడా తీసేశాను. మిగిలింది ఇది. చదువుతున్నాను.

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతికి,

మేడం ఆశీర్వదించి రాయునది.

శుభలేఖ అందింది తల్లీ. మీ నాన్న స్వయంగా తెచ్చి ఇచ్చారు. ఆయన మా వరండాలో కూర్చుని నీ ఉద్యోగం గురించి చెబుతుంటే, నిన్ను ఆరో తరగతిలో చేర్చడానికి వచ్చి, పిల్ల ఏడుస్తుందేమోనని గేటు దగ్గరే నిలబడిపోయిన మనిషి గుర్తొచ్చారు. నువ్వు ఏడవలేదు. ఆయనే ఏడ్చారు.

నీకు చదువు చెప్పిన రోజుల్లో నువ్వు మంచి మార్కులు తెచ్చుకున్నావు. అవి నేను మరిచిపోయాను. ఒక్క రాత్రి మరిచిపోలేదు. అందరూ అరుంధతి కనిపించిందని అన్నప్పుడు నువ్వు కనిపించలేదన్నావు. రెండోసారి అడిగినా, నవ్వినా, గడ్డం పట్టుకుని తిప్పినా అదే చెప్పావు. నేను సైన్సు చెప్పినన్నాళ్లూ పిల్లలకు నేర్పాలని తాపత్రయపడింది అదే. నేను నేర్పకుండానే నువ్వు చేశావు. నీ టీచరునని నలుగురికీ చెప్పుకోవడానికి నాకు ఆ ఒక్కటీ చాలు.

పెళ్లిరోజు పురోహితులు అరుంధతిని చూపిస్తారు. పెద్దవాళ్ల ముచ్చట, వాళ్లు చూపించిన వైపు గౌరవంగా చూడు. నిజంగా చూడాలనుకుంటే, పెళ్లి అయ్యాక మర్నాడో ఆ మర్నాడో తెల్లవారుజామున అయిదింటికి మీ ఇద్దరూ మేడ మీదికి వెళ్లండి. ఈశాన్యం వైపు చూడండి. చతురస్రం, తోక, నడిమి చుక్క. ఆ తర్వాత అబ్బాయికి నువ్వే చూపించు. కనిపించిందా అని అడగకు. ఏ పక్కన ఉందో అడుగు. కింద అంటే నిజంగా చూసినట్టు. కనిపించలేదంటే ఇంకా మంచిది, నువ్వు కళ్లు పరీక్షించవచ్చు, నీకు నిజం చెప్పే మనిషి దొరికాడని నేను సంతోషిస్తాను.

ఆ చుక్క వెలుగు మన కంటికి చేరడానికి ఎనభై ఏళ్లకు పైనే పడుతుంది. నువ్వు చూడబోయే వెలుగు అక్కడ బయలుదేరేనాటికి మీ నాయనమ్మ పుట్టలేదు. ఆవిడను కూడా మేడ మీదికి తీసుకెళ్లు. ఆపరేషన్ చేయించావట కదా, ఆవిడకూ కనబడుతుందేమో చూడు.

కళ్లజోడు తీయకు. ఎవరెన్ని చెప్పినా తీయకు. అడ్డుతెర తీసినప్పుడు అతని మొహం నీకు స్పష్టంగా కనబడాలి. అతని భుజం మీదుగా మీ అమ్మ మొహం కనబడాలి. మూడో వరసలో కుర్చీలో నేనుంటాను, నేనూ కనబడాలి. ఫొటోలో అందంగా పడటం కంటే ఆ పూట నీ పెళ్లి నువ్వు చూసుకోవడం ముఖ్యం. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోమని ఎవరైనా అంటే, హోమం పొగలో అవి ఎలా ఉంటాయో వాళ్లకు నువ్వే చెప్పు, నాకంటే నీకే బాగా తెలుసు.

పెళ్లయ్యాక ఉద్యోగం మారాల్సి వస్తే ఆ ఊళ్లోనూ బడులుంటాయి, వెనక వరసలో కళ్లు చికిలించే పిల్లలూ ఉంటారు. నువ్వు వెళ్లేదాకా వాళ్ల సంగతి ఎవరికీ తెలియదు.

అబ్బాయికి నా ఆశీస్సులు చెప్పు. మీ ఇద్దరూ చల్లగా ఉండండి.

ప్రేమతో,
నీ సైన్సు మేడం.

తాజా కలం: ముహూర్తానికి ముందు రోజు కళ్లజోడు స్క్రూలు బిగించుకో. తలంబ్రాల జోరులో కళ్లజోడు ఎగిరి బియ్యంలో పడ్డ పెళ్లి నేను చూశాను. ఇంకో జత మీ చెల్లెలి దగ్గర ఉంచు, ఎక్కడ పెట్టిందో ముందే అడిగి తెలుసుకో.

ఉత్తరం ఇంతే. పెళ్లి వచ్చే వారం. ఇంకో జత కళ్లజోడు చెల్లెలి హ్యాండ్‌బ్యాగులో ఉందని నిన్న సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది.